కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కడ ఆగిపోయింది? చిన్న క్లినిక్‌లో అయిదు మెట్ల లెక్క

కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టిన పదకొండో రోజున క్యాష్ కౌంటర్ కింది సొరుగులో పాత కార్బన్ బిల్లు బుక్కు కనిపించింది. అట్ట మీద దుమ్ము లేదు. ఆఖరి బిల్లు ఆ రోజు ఉదయం రాసిందే.

మా క్లినిక్ అమలాపురం దగ్గర, కాలువ పక్కన ఉంటుంది. డాక్టర్లు ఇద్దరూ భార్యాభర్తలు. ఒక చిన్న ల్యాబు, ఒక మందుల కొట్టు, అన్నీ కలిపి తొమ్మిది మంది స్టాఫు. లెక్కలూ మిగతా వ్యవహారాలూ నేను చూస్తాను. సాఫ్ట్‌వేర్ కొందామని పట్టుబట్టింది కూడా నేనే. కంపెనీ నుంచి ఒకాయన వచ్చి మధ్యాహ్నం మూడు గంటలు కూర్చుని అందరికీ నేర్పి వెళ్లాడు. అందరూ తలూపారు. సొరుగులో ఆ బుక్కు చూడగానే నాకు తోచింది ఒకటే: ట్రైనింగ్ సరిపోలేదు, ఆయన్ని ఇంకోసారి పిలవాలి.

ఆ ఆలోచన తప్పు. ఎందుకు తప్పో అర్థం కావడానికి నాకు పనికొచ్చింది అడ్కార్ అనే పద్ధతి. ప్రోసై అనే సంస్థను నెలకొల్పిన జెఫ్ హయాట్ దాన్ని రూపొందించి, 2006లో పుస్తకంగా వేశారు. పెద్ద కంపెనీల వాళ్లు దీన్ని పెద్ద పెద్ద మార్పుల కోసం వాడుతుంటారు. నాకు మాత్రం ఇది తొమ్మిది మంది ఉన్న చోటే బాగా పనికొస్తుందనిపిస్తుంది. ఎందుకంటే ఇది సంస్థ గురించి కాదు, మనిషి గురించి మాట్లాడుతుంది. క్లినిక్ మారడమంటూ విడిగా ఏమీ ఉండదు. కౌంటర్లో కూర్చునే ఆవిడ మారాలి, మందుల కొట్టు కుర్రాడు మారాలి, రాత్రి డ్యూటీ నర్సు మారాలి. ఒక్కొక్కరూ ఒక్కో చోట ఆగుతారు.

అడ్కార్ అన్నది అయిదు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాల కూర్పు: అవేర్‌నెస్, డిజైర్, నాలెడ్జ్, ఎబిలిటీ, రీఎన్‌ఫోర్స్‌మెంట్. మన మాటల్లో చెప్పాలంటే, మొదట ఈ మార్పు ఎందుకో తెలియాలి. తర్వాత అందులో పాలుపంచుకోవాలని మనసుకి అనిపించాలి. ఆ తర్వాత ఎలా చేయాలో తెలియాలి. తెలిసింది చేతికి రావాలి. చివరగా, వచ్చింది జారిపోకుండా నిలబడాలి. అసలు కీలకం ఈ వరసలో ఉంది. కింది మెట్టు గట్టిగా లేనప్పుడు పై మెట్టు మీద ఎంత కష్టపడినా ఫలితం రాదు. మనసు ఒప్పని మనిషికి ఎన్నిసార్లు ట్రైనింగ్ ఇచ్చినా అది ట్రైనింగ్‌గా దిగదు.

దీన్ని వాడే తీరు కూడా సులువే. ఒక్కో మనిషికి ఒక్కో మెట్టు మీద ఒకటి నుంచి అయిదు దాకా మార్కు వేస్తారు. మొదటి మెట్టు నుంచి చూసుకుంటూ వస్తే, మూడు గానీ అంతకంటే తక్కువ గానీ వచ్చిన మొదటి మెట్టే ఆ మనిషికి అడ్డం పడిన చోటు. పని అక్కడ మొదలుపెట్టాలి. తర్వాతి మెట్లలో ఒకటి వచ్చినా, సున్నా అనిపించినా వాటిని అప్పుడే పట్టించుకోనక్కర్లేదు.

బుక్కు దొరికిన రోజు సాయంత్రం ఒక తెల్ల కాగితం మీద ముగ్గురి పేర్లు రాసి మార్కులు వేయడం మొదలుపెట్టాను. ఊహించి వేయలేదు. ఒక్కొక్కరి పక్కన అరగంట కూర్చుని, చూసి, అడిగి వేశాను.

కౌంటర్లో అక్క

క్యాష్ కౌంటర్లో ఉండే అక్క ఈ క్లినిక్ తెరిచిన ఏడాది నుంచీ ఉన్నారు. బిల్లు బుక్కు మీద ఆవిడ చేయి ఎంత వేగంగా నడుస్తుందంటే, పేషెంటు జేబులోంచి డబ్బులు తీసేలోపు కాగితం చిరిగి చేతిలో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఎందుకు కొన్నామని అడిగితే చక్కగా చెప్పారు. డాక్టరు ఫీజుకి జీఎస్టీ లేదు, బయటి పేషెంటుకి అమ్మిన మందుకి ఉంది, పాత బుక్కులో రెండూ కలిపి ఒకే మొత్తం రాసేస్తున్నాం, ఆడిటరు ప్రతి మూడు నెలలకీ తల పట్టుకుంటున్నారు. అంతా తెలుసు. అందుకే మొదటి మెట్టు మీద నాలుగు వేశాను.

రెండో మెట్టు దగ్గర మాట ఆగింది. "నేర్చుకోవడానికి నాకేం ఇబ్బంది లేదు తమ్ముడూ," అన్నారు. "కానీ" అని ఆగిపోయారు. ఆ "కానీ" కోసం నేను టీ తెప్పించి ఇంకాసేపు కూర్చోవలసి వచ్చింది.

ఆవిడ సొరుగులోంచి ఇంకో పుస్తకం తీశారు. నేను అంతవరకు చూడలేదు. నూట అరవై పేజీల రూళ్ల నోటుబుక్కు, అట్టకి పాత క్యాలెండరు కాగితం వేసి ఉంది. అందులో బాకీలు ఉన్నాయి. ఇంటిపేర్లు లేవు. "లంకలో పెద్ద సత్యనారాయణ గారు", "కొబ్బరి ఒలుపు వెంకటేశ్వరరావు భార్య", "రేవు దగ్గర పాక, చంటిపిల్ల" ఇలా ఉన్నాయి. పక్కన తేదీ, మొత్తం, కొన్నిటికి ఎదురుగా "దాళ్వాకి" అని రాసి ఉంది. అంటే దాళ్వా కోతలయ్యాక ఇస్తారని. కొన్నిటికి "కాయ దింపాక" అని ఉంది. ఇస్తామన్నవాళ్లలో చాలామంది ఇచ్చారు కూడా, గీత కొట్టేసి ఉంది.

కొత్త సాఫ్ట్‌వేర్లో ఆవిడకి ఈ బాకీ రాసే చోటు కనిపించలేదు. బిల్లు పూర్తి కావాలంటే మొత్తం డబ్బు వచ్చినట్టు కొట్టాలి. లేకపోతే స్క్రీన్ ముందుకి కదలదు. జ్వరంతో ఉన్న పిల్లని చంకనేసుకుని వచ్చిన తల్లికి "పూర్తిగా కడితేనే బిల్లు వస్తుంది" అని చెప్పాలి, లేదా వచ్చినట్టు కొట్టి రాత్రికి డబ్బు తక్కువైతే సమాధానం చెప్పుకోవాలి. ఆవిడ మూడో దారి పట్టారు. అలాంటివాళ్లకి పాత బుక్కులో రాశారు. ఒకసారి బుక్కు బయటికి వచ్చాక, రద్దీలో మిగతావాళ్లకి కూడా అదే చేతికి తగిలింది.

అక్కకి రెండో మెట్టు మీద రెండు వేశాను. నాలెడ్జ్‌కి మూడు, ఎబిలిటీకి ఒకటి, నిలబెట్టడానికి ఒకటి. పాత అలవాటు ప్రకారం నేనైతే చివర ఉన్న ఒకట్లని చూసి పరుగెత్తేవాణ్ణి, మళ్లీ ట్రైనరుకి ఫోన్ చేసేవాణ్ణి. మెట్ల లెక్క ప్రకారం అడ్డం పడింది రెండో మెట్టు దగ్గర. అక్కడ చేయవలసింది ట్రైనింగ్ కాదు.

ఆ బాకీ ఆప్షన్ సాఫ్ట్‌వేర్లో ఉంది. మొదట సెటప్ చేసేటప్పుడు "అప్పులు ఉంటాయా?" అని అడిగితే "మా దగ్గర అప్పులు లేవండి" అని నేనే చెప్పి మూయించాను. నాకు ఆ నోటుబుక్కు సంగతి తెలియదు మరి. దాన్ని తెరిపించాం. అంతటితో సరిపోదు. అక్కకి అసలు దిగులు స్క్రీన్ గురించి కాదు. ఎవరికి బాకీ ఇవ్వచ్చో ఇన్నాళ్లూ ఆవిడే నిర్ణయించారు, ఇప్పుడు ప్రతిదానికీ లోపలికి వెళ్లి డాక్టరు గారిని అడగాలేమో అన్నది ఆవిడ భయం. అందుకని డాక్టరు గారితో మాట్లాడి ఒక హద్దు పెట్టాం. రెండు వేల రూపాయల దాకా బాకీ అక్క ఇష్టం, ఆపైన అయితేనే అడగాలి. నోటుబుక్కులోని పేర్లన్నీ ఆవిడ చేతే సాఫ్ట్‌వేర్లోకి ఎక్కించాం. అడ్రసు గడిలో ఇంటి నెంబరు బదులు "రేవు దగ్గర పాక" అనే రాయమన్నాం. దానివల్ల ఒక మేలు జరిగింది. మా వైపు ఒకే పేరున్న మనుషులు ఊరికి పదిమంది ఉంటారు. ఒకే పేషెంటుకి రెండు నెంబర్లు పడటం, ఇద్దరు పేషెంట్లు ఒకే నెంబరులో కలిసిపోవడం ఇలాంటి చోట బిల్లింగ్‌కి పెద్ద తలనొప్పి. ఎవరు ఎవరో తేల్చేది అక్కే అయింది.

మనసు ఒప్పించడమంటే ప్రసంగాలు చెప్పడమని చాలామంది అనుకుంటారు. బహుమతులు పెట్టడమనీ, లేదంటే బెదిరించడమనీ కూడా అనుకుంటారు. బుక్కు లాగేసుకుంటే సరిపోతుందని మా డాక్టరు గారే మొదట అన్నారు. అలా లాగేసుకుని ఉంటే ఆవిడ మందుల చీటీల వెనక రాసేవారు. మనిషి ఒప్పుకోకపోవడం వెనక ఎప్పుడూ ఒక లెక్క ఉంటుంది: దీనివల్ల నాకేం పోతుంది, నాకేం మిగులుతుంది? అక్కకి పోతున్నది పరపతి. అది పోదని ఆవిడకి కళ్లారా కనిపించాక రెండు వారాల తర్వాత మళ్లీ అడిగితే రెండో మెట్టు నాలుగయింది. అప్పుడు, అప్పుడు మాత్రమే, మళ్లీ నేర్పడానికి కూర్చున్నాం.

మందుల కొట్టు కుర్రాడు

ఇతని కేసు దీనికి పూర్తిగా తిరగబడింది. వయసు ఇరవై మూడు. ట్రైనరు చెప్పేలోపే స్క్రీనంతా తిరిగి చూసేశాడు. డిజైర్‌కి అయిదు, నాలెడ్జ్‌కి అయిదు, ఎబిలిటీకి నాలుగు. అందరూ ఇతన్ని చూసి నేర్చుకోమని నేను నాలుగైదు సార్లు అని ఉంటాను.

ఆ నెలాఖరున స్టాకు చూస్తే ఒక యాంటీబయాటిక్ కంప్యూటర్లో ఒక బ్యాచ్ కింద నలభై స్ట్రిప్పులు చూపిస్తోంది. ర్యాక్‌లో ఆ బ్యాచ్ ఒక్కటి కూడా లేదు. ఇంకో బ్యాచ్ కంప్యూటర్లో ఎప్పుడో అయిపోయింది, ర్యాక్‌లో పుష్కలంగా ఉంది. సంగతేంటంటే, బిల్లు కొట్టేటప్పుడు ఒకే మందుకి రెండు మూడు బ్యాచ్‌లు లిస్టులో వస్తాయి. ఇతను చేతిలో ఉన్న స్ట్రిప్పు మీది నెంబరు చూడకుండా లిస్టులో పైనున్నదానికి ఎంటర్ కొట్టేస్తున్నాడు. మందు అదే కదా, ధర అదే కదా అన్నది అతని ధీమా. వేగం కోసం చేశాడు, మోసం కోసం కాదు.

మొదటి మెట్టు మీద అతనికి నేను మొదట మార్కే వేయలేదు. అంత హుషారుగా ఉన్నవాడికి ఎందుకో తెలియదంటే ఎవరు నమ్ముతారు? అడిగితే అన్నాడు: "ఆయ్, క్యూ తొందరగా కదలడానికేగా సార్." రెండు వేశాను. అతని దృష్టిలో సాఫ్ట్‌వేర్ అంటే వేగం. మరి వేగం కోసమే అయితే అతను చేస్తున్నది సరైన పనే.

ఇలాంటివాళ్లకి బ్యాచ్ నెంబర్ల గురించి ఉపన్యాసం చెప్పి లాభం లేదు. కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ నాణ్యత పరీక్షలో నిలవని మందుల జాబితాను నెలనెలా విడుదల చేస్తుంది. అందులో మందు పేరుతోపాటు బ్యాచ్ నెంబరు ఉంటుంది. కంపెనీ ఆ మందు మొత్తాన్ని వెనక్కి తీసుకోదు, ఆ బ్యాచ్‌నే తీసుకుంటుంది. ఒక మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు ఆ యాంటీబయాటిక్ స్ట్రిప్పు ఒకటి అతని చేతికిచ్చి, "ఈ బ్యాచ్ ఆ జాబితాలో వచ్చిందనుకో. మనం ఎవరెవరికి ఇచ్చామో చెప్పు" అన్నాను. వెతికాడు. కంప్యూటరు ఆ బ్యాచ్ పేరు మీద పదిహేడు మందిని చూపించింది. "వీళ్లలో నిజంగా ఇది తీసుకున్నవాళ్లెవరు?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. పదిహేడు మందిలో వాళ్ల మేనత్త పేరు కూడా ఉంది.

ఆ రోజు నుంచి స్ట్రిప్పు తిప్పి చూడకుండా ఎంటర్ కొట్టలేదు. బిల్లుకి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతోంది, పడనివ్వండి. నాకు ఇక్కడ తెలిసిన విషయమేంటంటే, పై మెట్లన్నీ బాగున్నప్పుడు మొదటి మెట్టు మీది లోపం బయటికి కనపడదు. పని జరుగుతూనే ఉంటుంది, తప్పు మాత్రం నిశ్శబ్దంగా పోగవుతుంది. మొండికేసేవాళ్ల గురించి అందరూ టెన్షన్ పడతారు. ఎందుకో తెలియకుండా చకచకా చేసేవాళ్ల గురించి ఎవరూ పడరు. చిన్న క్లినిక్‌లో రెండోదే ఎక్కువ నష్టం చేస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

తెలియడం వేరు, చేతికి రావడం వేరు

రాత్రి ఎనిమిది దాటాక అక్క ఇంటికి వెళ్తారు. అప్పటినుంచి బిల్లులు డ్యూటీ నర్సు కొట్టాలి. ఆ అమ్మాయిని అడిగితే ఒక్కో స్టెప్పు పొల్లుపోకుండా చెప్పింది. పేషెంటు నెంబరు వెతకాలి, లేకపోతే కొత్తది తెరవాలి, సేవ ఎంచుకోవాలి, ఫీజు చూడాలి, క్యాషా యూపీఐయా కొట్టాలి, ప్రింట్ ఇవ్వాలి. ఎందుకో తెలుసు, ఇష్టమూ ఉంది, ఎలాగో తెలుసు. నాలుగు, నాలుగు, నాలుగు. కానీ ఒక రాత్రి నేను కౌంటరు పక్కన నిలబడి చూశాను. ముందు ఒక్కరే ఉంటే బాగానే కొట్టింది. ఇద్దరు వస్తే తడబడింది. మూడో మనిషి "అమ్మా, ఆటో వెళ్లిపోతోంది" అనగానే చేయి మౌసు వదిలేసి పెన్ను పట్టుకుంది. ఎబిలిటీకి రెండు.

ఈ రెండు మెట్లనీ ఒకటే అనుకోవడం వల్లనే చాలాచోట్ల ట్రైనింగ్ అయిన రోజునే పని అయిపోయిందనుకుంటారు. ఈత గురించి వినడానికీ కాలువలో దిగడానికీ ఉన్నంత తేడా ఉంది. తెలిసిందో లేదో ప్రశ్న అడిగి తేల్చచ్చు. చేతికి వచ్చిందో లేదో రద్దీలో నిలబడి చూస్తేనే తెలుస్తుంది. అందుకే ఎబిలిటీ మార్కు ఎప్పుడూ ఖాళీ వేళలో వేయకూడదు.

ఆ అమ్మాయికి మళ్లీ క్లాసు చెప్పలేదు. సాఫ్ట్‌వేర్లో ప్రాక్టీసు కోసం ఒక నకిలీ ఖాతా ఉంది, అందులో ఏం కొట్టినా అసలు లెక్కల్లోకి రాదు. మధ్యాహ్నం రెండు నుంచి రెండున్నర దాకా, పది రోజులపాటు, ముందు రోజు పాత బుక్కులో తాను రాసిన బిల్లుల్నే అందులో కొట్టించాం. కంపెనీ ట్రైనరు చూపించిన ఉదాహరణల్లో ఆపరేషన్ థియేటరు ప్యాకేజీలు, ఇన్సూరెన్స్ క్లెయిములు ఉన్నాయి. మా రాత్రి బిల్లుల్లో ఉండేది ఫీజు, ఇంజెక్షను, డ్రెస్సింగు, నెబ్యులైజరు, ఈసీజీ, అంతే. రోజూ వచ్చే పద్నాలుగు రకాలు లెక్క తేలాయి. వాటి షార్ట్‌కట్ కోడ్‌లు ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి మానిటరు పక్కన అంటించాం. మొదటి వారం రాత్రి పూట తొమ్మిదిన్నర దాకా అక్క పక్కన కూర్చున్నారు. చేయి మాత్రం నర్సుదే. "నువ్వు లే, నేను కొడతాను" అనకూడదని అక్కతో ముందే ఒప్పందం. అది పాటించడం అక్కకి చాలా కష్టమైంది, అయినా పాటించారు.

చేతికి రాకపోవడానికి ఒక్కోసారి మనిషి కారణం కాదు. ప్రింటరు కౌంటరుకి వెనకవైపు ఉండేది, ప్రతి బిల్లుకీ లేచి వెళ్లాలి. దాన్ని ఎడమ చేతి పక్కకి మార్చడానికి పొడుగు కేబులు ఒక్కటి సరిపోయింది. పది రోజుల ప్రాక్టీసు ఎంత పనిచేసిందో ఆ కేబులు కూడా అంత పనిచేసిందేమో.

ఇంకో పొరపాటు నాది. "జాగ్రత్త కోసం ఒక నెల రెండూ నడుపుదాం, బుక్కూ సాఫ్ట్‌వేరూ" అని మొదట్లో చెప్పాను. రెండూ నడపడమంటే రద్దీలో పాతదే నడవడం. ముగ్గురికీ నాలుగో మెట్టు నాలుగు దాటాక ఒక తేదీ పెట్టి బుక్కు ఆపేశాం. వానాకాలంలో మా దగ్గర కరెంటు గంటల తరబడి పోతుంది, యూపీఎస్ అరగంటకి మించి లాగదు. అందుకని ఒక్క బుక్కు మాత్రం ఉంచాం. దాని నెంబర్ల వరస వేరు, అట్టకి ఎర్ర టేపు చుట్టి ఉంటుంది. కరెంటు పోయినప్పుడే తీయాలి, అందులో రాసిన ప్రతి బిల్లూ ఆ రోజే సాఫ్ట్‌వేర్లోకి ఎక్కాలి. ఎర్ర బుక్కులో బిల్లు ఉండి ఆ గంటలో కరెంటు ఉందంటే, ఎవరికో ఏదో మెట్టు జారిందన్నమాట. ఇంతకంటే సులువైన గుర్తు ఇంకోటి లేదు.

అయిదో మెట్టు డాక్టరు గారిది

మా క్లినిక్‌లో రాత్రి ఎనిమిదిన్నరకి మూడు అంకెలు పక్కపక్కన పెడతాం. డ్రాయరులో ఉన్న నగదు, ఫోనులో యూపీఐ ఖాతాకి వచ్చిన మొత్తం, సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఆ రోజు రిపోర్టు. మొదటి రెండూ కలిపితే మూడోది రావాలి. రాకపోతే తేడా ఎంతో, ఎందుకో ఒక పుస్తకంలో రాస్తాం. ఎక్కువసార్లు వచ్చేది యూపీఐని క్యాష్‌గా కొట్టడం. దాంట్లో మొత్తం సరిపోతుంది గానీ ఒకవైపు తగ్గి రెండోవైపు పెరుగుతుంది, కాబట్టి ఇట్టే దొరుకుతుంది.

రెండో రకం తేడా మాత్రం దొరకలేదు. రోజూ వందో రెండొందలో తక్కువ. అక్క మీద అనుమానం వచ్చే పరిస్థితి. చివరికి తేలింది ఏంటంటే, డాక్టరు గారు లోపలినుంచి తలుపు తీసి "ఈయన దగ్గర సగం తీసుకోండమ్మా" అని కేకేస్తారు. అప్పటికి పూర్తి బిల్లు కొట్టేసి ఉంటారు. అక్క సగం తీసుకుంటారు, బిల్లు మాత్రం అలాగే ఉంటుంది. పాత బుక్కులో అయితే కొట్టేసి పక్కన రాసేవారు. సాఫ్ట్‌వేర్లో తగ్గింపుకి కారణం కొట్టాలి, కొట్టిన బిల్లు మార్చాలంటే డాక్టరు గారి అనుమతి కావాలి, ఆయనేమో పేషెంటుని చూస్తుంటారు.

మార్పు స్టాఫుది, మనం చూసేవాళ్లం అని ఆయనా అనుకున్నారు, నేనూ అనుకున్నాను. నా తెల్ల కాగితం మీద ఆయన పేరే లేదు. రాసి మార్కులు వేస్తే ఆయన కూడా రెండో మెట్టు దగ్గరే ఆగారు. చేతిలో పేషెంటు ఉండగా ఇంకో పని ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. తేడాల పుస్తకం తీసుకెళ్లి చూపించాను. "ఈ వారం రోజుల తక్కువలో ఎక్కువ భాగం మీ కేకలవేనండి, అక్క పేరు మీద పడుతోంది" అన్నాను. ఆయన అక్కని పిలిచి క్షమించమన్నారు. మరుసటి రోజునుంచి తగ్గింపు ఎంతో మందుల చీటీ మీద ఒక మూలన అంకె వేస్తున్నారు. చీటీ కౌంటరుకి వచ్చాకే బిల్లు కొడతారు.

నిలబెట్టడమన్న మెట్టుకి మా దగ్గర రూపం ఇదే. రాత్రి రిపోర్టుని డాక్టరు గారు రెండు నిమిషాలు చూస్తారు, పొద్దున్న ఒక ప్రశ్న అడుగుతారు. తేడా లేకపోతే ఆ మాట కూడా అందరి ముందూ చెప్తారు. ఒకసారి వాళ్ల బంధువుల పెళ్లికని నాలుగు రోజులు కాకినాడ వెళ్లారు, రిపోర్టు ఎవరూ అడగలేదు. మూడో రోజున ఎర్ర టేపు బుక్కులో ఆరు బిల్లులు పడ్డాయి. ఆ రోజు కరెంటు పోలేదు. అప్పటికి అందరికీ నాలుగు మెట్లూ గట్టిగానే ఉన్నాయి, అయినా జారింది. ఇప్పుడు ఆయన ఊళ్లో లేనప్పుడు రిపోర్టు ఫోనుకి పంపిస్తాం, ప్రశ్న అక్కణ్ణుంచే వస్తుంది.

ఈ లెక్కకి ఉన్న హద్దులు

ఈ మార్కులు కొలతలు కావు, మన అంచనాలు. మనిషి ముందు కూర్చుని "నీకు ఇష్టమేనా?" అని యజమాని తరఫు వాళ్లు అడిగితే ఎవరైనా "ఆయ్, ఇష్టమేనండి" అంటారు. దానికి అయిదు వేసేస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకని నేను మాటకి కాకుండా పనికి మార్కు వేస్తాను. పాత బుక్కులో పడిన బిల్లులు ఎన్ని, రద్దయిన బిల్లులు ఎన్ని, ఒకే పేషెంటుకి పడ్డ రెండో నెంబర్లు ఎన్ని, రాత్రి తేడా ఎంత.

మెట్లు ఎప్పుడూ వరసలోనే వస్తాయన్న మాటతో కూడా నాకు పూర్తిగా ఏకీభావం లేదు. మా ల్యాబు టెక్నీషియన్‌కి మొదట్లో ఇష్టం లేదు. రిపోర్టులు చేత్తో రాసే పని తప్పిందని చేతికి వచ్చాకే తెలిసింది, ఇష్టం ఆ తర్వాత పుట్టింది. అలాంటివాళ్లూ ఉంటారు. కానీ ఆ ఆశతో అందరినీ ముందు ట్రైనింగ్‌లో కూర్చోబెట్టడం మాత్రం ఖరీదైన జూదం.

అన్నిటికంటే పెద్ద హద్దు ఇది: సాఫ్ట్‌వేరే సరిగా లేకపోతే మనిషిని ఎన్ని మెట్లు ఎక్కించినా వ్యర్థం. బాకీ ఆప్షన్ నిజంగానే లేని సాఫ్ట్‌వేర్ అయి ఉంటే, అక్కకి డిజైర్ పెంచడం నా పని కాదు, సాఫ్ట్‌వేర్ మార్చడం నా పని. ఒప్పుకోని మనిషి చెప్పే కారణం ఒక్కోసారి సరుకు మీద ఇచ్చిన సరైన రిపోర్టు అవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అలాంటి రోజున రేట్లు అన్నీ ఒకేసారి మార్చలేని సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్న మనిషి విసుక్కుంటే, లోపం ఆ మనిషిలో వెతకకూడదు.

పోయిన నెల రాత్రి డ్యూటీకి కొత్త నర్సు చేరింది. ఆ అమ్మాయికి పాత బుక్కు తెలియదు, పాత అలవాటు లేదు, కాబట్టి నేరుగా మూడో మెట్టు నుంచి మొదలుపెట్టచ్చనిపించింది. అక్క ఒప్పుకోలేదు. మొదటి రోజున స్క్రీన్ తెరవకముందు ఆ క్యాలెండరు కాగితం అట్ట నోటుబుక్కు తీసి, "దాళ్వాకి" అని రాసిన పేజీ చూపించి, ఆ బాకీలు ఇప్పుడు కంప్యూటర్లో ఎక్కడ ఉంటాయో, ఎందుకు ఉండాలో చెప్పారు. మందుల కొట్టు కుర్రాడు ఒక స్ట్రిప్పు తెచ్చి చేతిలో పెట్టాడు.